పని పంపకం సమానంగా లేదని సూపర్‌వైజర్‌కి లెటర్ రాస్తున్నా, అంకెలు ఇలా పెడితే సరిపోతుందా?

మెట్లదారి
అందరికీ నమస్తే. మా టీమ్‌లో ఐదుగురం ఉన్నాం. కస్టమర్ల కంప్లైంట్లు టికెట్ల రూపంలో వస్తాయి. ఉదయాన్నే మా సూపర్‌వైజర్ క్యూ చూసి ఎవరికేది అని అసైన్ చేస్తారు. కొన్నాళ్లుగా నాకే ఎక్కువ పడుతోందని అనిపించి ఎక్సెల్‌లోకి దింపి చూశాను. గత 8 వారాల్లో టీమ్ మొత్తం క్లోజ్ చేసినవి 400. అందులో నావి 112. మిగతా నలుగురివి 84, 78, 70, 56. ఇదిగో నేను రాసుకున్న డ్రాఫ్ట్:

> సార్, గత రెండు నెలలుగా టీమ్ పనంతా నా మీదే పడుతోంది. నేను 112 టికెట్లు చేస్తే ఒకరు కేవలం 56 చేశారు. అంటే నా పనిలో సగం. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తోంది. దయచేసి ఇకనుంచి పనిని అందరికీ సమానంగా పంచగలరని కోరుతున్నాను.

ఆయన మంచివారే, గొడవ పెట్టుకోవాలని లేదు. కానీ ఇలాగే కొనసాగితే నా వల్ల కాదు. లెటర్ ఇలా పంపొచ్చా?

నిప్పురవ్వ
ఇందులో ఆలోచించడానికేముంది? 112 ఎక్కడ, 56 ఎక్కడ! పై మేనేజర్‌కి సీసీ పెట్టి పంపెయ్యండి. మెత్తగా రాస్తే "చూద్దాంలే" అని పక్కన పడేస్తారు.

అడ్డగీత
పంపకండి. ఇంకా లెక్క పూర్తవ్వలేదు. నేను చాలాకాలం షిఫ్టులకి, టీమ్‌లకి పని పంచే ప్లానింగ్ చూశాను. ఇలాంటి లెటర్ వస్తే అవతలి మనిషి మొదట వెతికేది అంకెలో లొసుగే. అది ఒక్కటి దొరికితే చాలు, మిగతాదంతా చదవరు.

మూడు విషయాలు చెప్పండి. ఆ 8 వారాల్లో ఒక్కొక్కరు ఎన్ని రోజులు డ్యూటీలో ఉన్నారు? టికెట్లన్నీ ఒకే సైజా, చిన్నా పెద్దా ఉన్నాయా? మీ 112 మీ దగ్గరికి ఎలా వచ్చాయి, ఆయనే అసైన్ చేశారా, మీరే క్యూలోంచి తీసుకున్నారా?

డేటాపిచ్చి
అసలు టికెట్ల సంఖ్యే తప్పు కొలత. ఒకటి ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఇంకొకటి రోజంతా తింటుంది. టూల్‌లో టికెట్ ఓపెన్ అయిన టైమ్, క్లోజ్ అయిన టైమ్ ఉంటాయి కదా. ఆ తేడా కూడితే ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో వచ్చేస్తుంది.

అడ్డగీత
మొదటి సగం నూటికి నూరుపాళ్లు కరెక్ట్. రెండో సగం దగ్గరే ప్రమాదం. ఓపెన్ నుంచి క్లోజ్ దాకా ఉన్న సమయంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. కస్టమర్ రిప్లై ఇవ్వాలి, వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఫైల్ రావాలి, మధ్యలో శని, ఆదివారాలు. మూడు రోజులు తెరిచి ఉన్న టికెట్ మీద అసలు పని అరగంటే అయి ఉండొచ్చు. పైగా నెమ్మదిగా చేసేవాళ్లకి ఆ లెక్కలో గంటలు ఎక్కువ కనిపిస్తాయి. మెట్లదారి గారు చకచకా క్లోజ్ చేసే మనిషైతే, ఆ లెక్క ప్రకారం అందరికంటే తక్కువ పని చేసినట్టు కూడా తేలొచ్చు.

రాత్రిడ్యూటీ
నేను ఆసుపత్రి వార్డులో నర్సుని. మా దగ్గర టికెట్లుండవు, రోస్టర్ ఉంటుంది. అందరికీ నెలకి సమానంగానే డ్యూటీలు పడేవి, కాబట్టి ఎవరూ నోరెత్తలేకపోయేవారు. కానీ రాత్రులు, సెలవు రోజులు విడిగా లెక్కపెడితే ఎప్పుడూ అదే ఇద్దరి పేర్లు. మొత్తం సంఖ్య చూపిస్తే ఇంఛార్జ్ "అందరికీ ఒకటే కదమ్మా" అనేవారు. రాత్రులు మాత్రమే ఒక కాగితం మీద రాసి చూపించాక మాట్లాడటానికి ఒప్పుకున్నారు. మీ టికెట్లలో కూడా అలాంటి "రాత్రులు" ఏమైనా ఉన్నాయేమో చూడండి అక్కా.

పొద్దుతిరుగుడు
ఓవర్‌టైమ్ రావాలంటే ముందు రూల్ బుక్‌లో క్లాజ్ చూడాలి. రోజువారీ గంటలు రాసి పెట్టుకున్నారా? లేకపోతే క్లెయిమ్ నిలబడదు.

మెట్లదారి
పొద్దుతిరుగుడు గారూ, నేను ఓవర్‌టైమ్ డబ్బు అడగట్లేదండీ. పని పంచమని మాత్రమే అడుగుతున్నా.

అడ్డగీత గారూ, మీరు అడిగినవి తీశాను. 8 వారాలంటే 40 పనిదినాలు. నేను 38 రోజులున్నా. 84 చేసినవారు 40, 78 చేసినవారు 39, 70 చేసినవారు 35. 56 చేసినవారు లాంగ్ లీవ్‌లో వెళ్లొచ్చారు, వారు 26 రోజులే ఉన్నారు.

సైజు విషయానికొస్తే, అసైన్ చేసేటప్పుడు సూపర్‌వైజరే ప్రతి టికెట్‌కీ చిన్నది, మధ్యస్థం, పెద్దది అని పెడతారు. నావి 60 చిన్నవి, 30 మధ్యస్థం, 22 పెద్దవి. టీమ్ మొత్తానికి 216, 124, 60. ఎలా వచ్చాయో ఇంకా చూడాలి.

అడ్డగీత
బాగా తీశారు. ముందు రోజుల సంగతి. ఒక్కొక్కరి టికెట్లని వారున్న రోజులతో భాగించండి. 84ని 40తో భాగిస్తే 2.1. 78ని 39తో, 70ని 35తో భాగిస్తే కచ్చితంగా రెండేసి. 56ని 26తో భాగిస్తే 2.15. అంటే మీరు "సగమే చేశారు" అని రాసిన మనిషి, ఆ నలుగురిలో రోజుకి కాస్త ఎక్కువే చేశారు. మీ 112ని 38తో భాగిస్తే 2.95.

లెటర్‌లో ఆ 56 పోలిక ఉంచితే సూపర్‌వైజర్ ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తారు: "వాళ్లు లీవ్‌లో ఉన్నారు, ఆ లీవ్ నేనే ఇచ్చాను." అది తీసేస్తే మీ కేసు బలహీనపడదు, ఇంకా గట్టిపడుతుంది. మిగతా అందరూ రోజుకి సుమారు రెండు, మీరు సుమారు మూడు. ఇంత సూటిగా ఉన్న అంకె ఉండగా శాతాలతో పనేముంది?

నిప్పురవ్వ
ఒప్పుకుంటున్నా, ఇది బాగుంది. సీసీ విషయంలో మాత్రం నా మాట నాదే.

డేటాపిచ్చి
సైజులకి వెయిట్ ఇవ్వండి. చిన్నదానికి అరగంట, మధ్యస్థానికి గంటన్నర, పెద్దదానికి నాలుగు గంటలు అనుకుంటే మెట్లదారి గారివి 30 + 45 + 88 = 163 గంటలు. టీమ్‌వి 108 + 186 + 240 = 534. అంటే 30.5 శాతం ఒక్కరిమీదే. సంఖ్య ప్రకారం 28 శాతమే కదా, గంటల లెక్క పెడితే ఇంకా ఘోరంగా కనిపిస్తోంది. ఇదే లెటర్‌లో పెట్టాలి.

అడ్డగీత
ఆ నాలుగు గంటలు ఎక్కడినుంచి వచ్చాయి అని ఆయన అడిగితే ఏం చెబుతారు? మనం ఊహించిన వెయిట్ అది. అందుకని ఒక పని చేయండి, వెయిట్ మార్చి చూడండి. పెద్దదానికి మూడు గంటలే వేస్తే 141కి 474, అంటే సుమారు 29.7 శాతం. వెయిట్ అసలు వేయకపోతే 28. అంటే ఎలా లెక్కేసినా 28 నుంచి 31 మధ్యనే తిరుగుతోంది. ఇక డ్యూటీ రోజులు ఐదుగురివీ కలిపితే 178, అందులో మీవి 38, అంటే 21 శాతం పైచిలుకు. ఏ కొలత తీసుకున్నా 21 దగ్గర ఉండాల్సింది 28కి తగ్గట్లేదు. వెయిట్ గురించి వాదన వస్తే ఇది మీ జేబులో ఉంచుకోండి. లెటర్‌లో మాత్రం పెట్టొద్దు. ఊహించిన అంకె ఒక్కటి చేరినా నిజంగా లెక్కపెట్టిన అంకెలు కూడా అనుమానంలో పడతాయి.

డేటాపిచ్చి
నేను ఇంకా ఒప్పుకోను. టికెట్ల సంఖ్య కంటే ఉజ్జాయింపు గంటలే నిజానికి దగ్గర. సరే, మీ ఇష్టం.

పంపకందారు
నేను అవతలి కుర్చీలో కూర్చునే మనిషిని, ఏడుగురికి పని పంచుతాను. ఇలాంటి మెయిల్ నాకూ వచ్చింది. చదవగానే నాకు తట్టే మొదటి ఆలోచన, "టూల్‌లో లేని పని సంగతేంటి?" అని. మా టీమ్‌లో ఒకరికి టికెట్లు తక్కువ కనిపిస్తాయి, కానీ వారం వారం రిపోర్ట్ తయారుచేసేది వారే. ఇంకొకరు కొత్తగా చేరిన వారికి పని నేర్పిస్తారు. అవి ఏ కాలమ్‌లోనూ పడవు. మెట్లదారి గారికి తెలియని పని మిగతావారి దగ్గర ఉందేమో. ఉంటే లెటర్ మొత్తం తలకిందులవుతుంది కాబట్టి, "నాకు కనిపించని పని ఉండొచ్చు" అని వారే ముందు ఒప్పేసుకోవడం మంచిది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెబుతాను. కష్టమైన టికెట్ వస్తే, అది ఎవరికిస్తే మళ్లీ నా దగ్గరికి తిరిగి రాదో వారికే ఇచ్చేస్తాను. ఉదయం ఆ హడావుడిలో పంపకం సమానంగా ఉందా అని ఎవరూ లెక్కపెట్టరు. నెల తర్వాత చూస్తే ఒకరి మీదే గుట్టగా పడి ఉంటుంది. దురుద్దేశం అక్కర్లేదు, అలవాటు చాలు.

మెట్లదారి
పంపకందారు గారు చెప్పింది చదివాక, నా 112 హిస్టరీ ఒక్కొక్కటీ తెరిచి చూశాను. సూపర్‌వైజర్ నేరుగా నా పేరు మీద వేసినవి 71. నేనే క్యూలోంచి తీసుకున్నవి 23. తోటివాళ్లు "ఇది నువ్వు చూడవా" అని నాకు మార్చినవి 18. ఆ 18లో దాదాపు అన్నీ రీఫండ్ లెక్క తేలని కేసులే, ఆ మాడ్యూల్ టీమ్‌లో నాకే బాగా వచ్చు. మిగతావాళ్ల హిస్టరీ నాకు కనిపించదు, మొత్తం సంఖ్య, సైజు మాత్రమే కనిపిస్తాయి.

నిప్పురవ్వ
అదేంటి, 23 మీరే తీసుకున్నారా? రేపటినుంచి క్యూ ముట్టుకోకండి. సమస్య తీరిపోతుంది.

పంపకందారు
అలా హఠాత్తుగా ఆపేస్తే, లెటర్ పంపిన వారంలోనే పని తగ్గించారని కనిపిస్తుంది. అది ఇంకో తలనొప్పి.

అడ్డగీత
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. 71ని 38తో భాగిస్తే రోజుకి 1.9 కూడా లేదు. "మీరు నాకే ఎక్కువ ఇస్తున్నారు" అని రాస్తే, ఆయన హిస్టరీ తెరిచి "నేనిచ్చింది రోజుకి రెండు కూడా లేదు" అంటారు. నిజానికి ఆ పోలిక సరైంది కాదు, ఎందుకంటే మిగతావాళ్ల రెండులో కూడా వాళ్లే తీసుకున్నవి ఎన్నో ఉండొచ్చు. కానీ ఆ వాదన మీరు ఆయన ముందు నిలబడి వివరించాల్సి వస్తుంది, మీ దగ్గర వాళ్ల హిస్టరీ లేదు.

అందుకే రాత్రిడ్యూటీ గారు చెప్పిన ప్రశ్నకి తిరిగి వస్తున్నా. మీ "రాత్రులు" ఏవి? పెద్ద టికెట్లు. టీమ్ మొత్తంలో 60 ఉంటే మీవి 22. డ్యూటీ రోజుల ప్రకారం మీ వాటా సుమారు 13 ఉండాలి. ఆ 22లో ఎన్ని ఆయనే స్వయంగా వేశారో చూడండి. సైజు పెట్టింది కూడా ఆయనే కాబట్టి కొలత మీద తగువుండదు.

మెట్లదారి
చూశాను. 22లో 19 ఆయన నేరుగా నా పేరు మీద వేసినవే. మిగతా 3 తోటివాళ్లు మార్చినవి. పెద్దది ఒక్కటి కూడా నేను క్యూలోంచి తీసుకోలేదు. అంటే క్యూలోంచి నేను తీసుకునేవన్నీ చిన్నాచితకవే, కాస్త ఊపిరాడినప్పుడు తీసుకుంటాను.

అడ్డగీత
ఇంకేం కావాలి? 19 అంటే తోటివాళ్లవి పక్కన పెట్టినా మీ వాటా 13 దాటిపోయింది. లెటర్ దీని చుట్టూ రాయండి. 112 ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోవాలి, అది కూడా ఎలా వచ్చాయో విడదీసి. తోటివాళ్ల పేర్లుగానీ, విడివిడి అంకెలుగానీ అసలు పెట్టొద్దు. "మిగతా టీమ్ కలిపి" అంటే చాలు. పేర్లు పెడితే అది వాళ్ల మీద ఫిర్యాదు అయిపోతుంది.

కొత్తపెన్ను
ఒక డౌట్. పేరు, సైజు కలిపి ఎక్సెల్‌లో ఎలా లెక్కపెట్టారు? నేను ఫిల్టర్ పెట్టి చేత్తో లెక్కిస్తుంటే ప్రతిసారీ వేరే సంఖ్య వస్తోంది.

మెట్లదారి
బి కాలమ్‌లో పేర్లు, సి కాలమ్‌లో సైజు పెట్టి, ఎఫ్2లో లెక్క కావాల్సిన పేరు రాశాను:

```
=COUNTIFS(B:B,F2,C:C,"పెద్దది")
```

పేర్ల చివర ఖాళీ స్పేస్ ఉంటే లెక్క తప్పుతుంది, ముందు అది చూసుకోండి.

ఇదిగో రెండో డ్రాఫ్ట్:

> సార్, నమస్తే. పని పంపకం గురించి మీతో ఒక విషయం మాట్లాడాలనుకుంటున్నాను. కలిసినప్పుడు సులువుగా ఉంటుందని అంకెలు ముందే రాస్తున్నాను.
>
> గత 8 వారాల్లో టీమ్‌కి వచ్చిన పెద్ద టికెట్లు 60. అందులో 22 నేను చేశాను. ఐదుగురి డ్యూటీ రోజులు లెక్కవేస్తే నా వాటా సుమారు 13 అవుతుంది. ఆ 22లో 19 నేరుగా నాకు అసైన్ అయినవి, 3 తోటివారు మార్చినవి. ఇవి చాలావరకు రీఫండ్ కేసులు. ఆ మాడ్యూల్ నాకు అలవాటు కాబట్టి నా దగ్గరికి వస్తున్నాయని అర్థమవుతోంది.
>
> మొత్తం టికెట్లు నావి 112. ఇందులో 23 నేనే క్యూలోంచి తీసుకున్నవి, 18 తోటివారు ఇచ్చినవి, కాబట్టి ఇదంతా మీ పంపకం అని అనడం లేదు. మిగతావారి దగ్గర టూల్‌లో కనిపించని పని ఉంటే అది నా లెక్కలో రాలేదు.
>
> పెద్ద టికెట్లు రెండు ఒకే రోజు వచ్చినప్పుడు నా చిన్న టికెట్లు మర్నాటికి జరిగిపోతున్నాయి. రాబోయే 4 వారాలు పెద్ద టికెట్లని వంతులవారీగా ఇచ్చి చూడగలరా? రీఫండ్ కేసులు ఇంకొకరికి నేర్పించడానికి నేను సిద్ధం. 4 వారాల తర్వాత ఇవే అంకెలు మళ్లీ చూద్దాం. ఈ వారంలో ఒక పావుగంట కేటాయిస్తే కలుస్తాను.

పంపకందారు
ఇది నాకు వస్తే ఆ రోజే పిలిచి మాట్లాడతాను. రెండు మాటలు. "చిన్న టికెట్లు మర్నాటికి జరిగిపోతున్నాయి" అనే వాక్యం పైకి తీసుకురండి, సూపర్‌వైజర్‌ని కదిలించేది అదే. మీ అలసట కంటే ఆలస్యమయ్యే టికెట్లు ఆయన మెడకి చుట్టుకుంటాయి. ఎన్నిసార్లు అలా జరిగిందో టూల్‌లో దొరికితే ఆ అంకె పెట్టండి, దొరకకపోతే ఒక ఉదాహరణ చాలు.

రెండోది, నేర్పించడానికి సిద్ధం అన్నారు. మంచిదే, కానీ నేర్పించే రోజుల్లో పెద్ద టికెట్లు తగ్గవు, కొన్నాళ్లు పెరుగుతాయి కూడా. మీరు పక్కన కూర్చుని చూపించాలి, వాళ్లు చేసింది సరిచూడాలి. కాబట్టి ఆ 4 వారాలు క్యూలోంచి చిన్నవి తీసుకోను అని అదే లెటర్‌లో చెప్పేయండి. అప్పుడు హఠాత్తుగా ఆపినట్టు ఉండదు.

రాత్రిడ్యూటీ
వంతులవారీ అంటే జాగ్రత్త. మా వార్డులో వంతులు పెట్టాక, చేతకానివారి వంతు వచ్చినప్పుడల్లా "కొంచెం వచ్చి చూడవా" అని నన్నే పిలిచేవారు. కాగితం మీద పేరు వాళ్లది, పని నాది. లెక్కలో కూడా రాకుండా పోయింది.

అడ్డగీత
అది నిజంగా జరుగుతుంది. అలా పిలిచినవి కూడా టికెట్‌లో ఒక కామెంట్‌గా రాసి పెట్టుకోండి, 4 వారాల తర్వాత లెక్కలోకి వస్తాయి. అంతకుమించి దానికి నా దగ్గర మందు లేదు.

నిప్పురవ్వ
సీసీ సంగతి ఎవరూ తేల్చలేదు. ఆయన జవాబే ఇవ్వకపోతే? ఇంత కష్టపడి లెక్క తీసి పై వాళ్లకి తెలియకపోతే అప్రైజల్‌లో ఏం లాభం?

పంపకందారు
మొదటి లెటర్‌కే సీసీ పెడితే, నేనైతే సమస్యని వదిలేసి నన్ను నేను కాపాడుకునే పనిలో పడతాను. రెండు వారాలు చూసి, అదే మెయిల్ కింద ఒకసారి గుర్తుచేసి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే పైకి వెళ్లొచ్చు. అప్రైజల్ మాట ఇందులో కలపకండి. అది కలిస్తే పని పంచమని అడుగుతున్నారా, జీతం పెంచమంటున్నారా అన్నది తేలదు.

నిప్పురవ్వ
మీరు కుర్చీ అటువైపు ఉన్నారు కాబట్టి అలా అంటారు. నా అనుభవంలో సీసీ లేని మెయిల్‌కి విలువ లేదు.

డేటాపిచ్చి
ఎక్సెల్ షీట్ అటాచ్ చేయాలా వద్దా? నేనైతే చేస్తాను.

అడ్డగీత
అందులో అందరి పేర్లూ ఉంటాయి, అందుకని అటాచ్ చేయొద్దు. మీటింగ్‌కి వెళ్లేటప్పుడు లాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకోండి, అడిగితే చూపించండి. ఇంకొక్కటి, మెట్లదారి గారూ. షీట్ పైన ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రోజున డౌన్‌లోడ్ చేశారో రాయండి. క్లోజ్ అయిన టికెట్ మళ్లీ ఓపెన్ అయితే సంఖ్య మారిపోతుంది. ఆయన వచ్చే వారం తీస్తే 22 బదులు 21 కనిపించొచ్చు, అప్పుడు ఆ ఒక్క టికెట్ గురించే పావుగంట అయిపోతుంది.

మెట్లదారి
తేదీలు వేశాను. మర్నాటికి జరిగిన చిన్న టికెట్లు వెతికితే 8 వారాల్లో 14 దొరికాయి, ఆ వాక్యం పైకి తెచ్చి అంకె చేర్చాను. క్యూ సంగతి కూడా రాశాను. సీసీ పెట్టలేదు. ఇప్పుడే పంపాను, గురువారం మధ్యాహ్నం రమ్మన్నారు. "రీఫండ్ కేసులు ఎవరికి నేర్పిస్తావో నువ్వే చెప్పు" అని కూడా రాశారు. పేరు నేను చెప్పాలా, ఆయన్నే తేల్చమనాలా?

పంపకందారు
పేరు మీరు చెప్పకండి. ఎవరి పేరు చెబితే వారికి పని పెంచింది మీరే అవుతారు. ఇద్దరికి నేర్పగలను, ఎవరన్నది మీరే చూడండి సార్ అనండి.

డేటాపిచ్చి
నేనైతే పేరు చెబుతాను. ఎవరికి త్వరగా వస్తుందో పక్కన కూర్చునేవారికే తెలుస్తుంది.